వారం నివేదిక నుంచి ఏడు వాక్యాల సందేశం

ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో పై అధికారికి రాసే నివేదిక సాధారణంగా పని జరిగిన వరుసలోనే సాగుతుంది. సోమవారం ఏం చేశారు, మంగళవారం ఎవరితో మాట్లాడారు, ఎక్కడ పని ఆగింది. రాసేవారికి వారమంతా ఆ క్రమంలోనే గుర్తుంటుంది కాబట్టి అలా రాయడం సహజం. చదివే అధికారి వెతికేది వేరు: తాను ఏదైనా నిర్ణయించాలా, ఎప్పటిలోగా, నిర్ణయించకపోతే ఏమవుతుంది? పొడవైన నివేదికను కుదించే పనిలో అసలు శ్రమ ఈ మూడింటికీ జవాబు వెలికి తీయడంలోనే ఉంటుంది.

ఉదాహరణకు, 60 సూపర్‌మార్కెట్లున్న ఒక సంస్థ జూన్ 15 నుంచి కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారుతోందనుకుందాం. జూన్ 8న ప్రాజెక్టు మేనేజర్ రాసిన నివేదిక ఇలా ఉంది:

“సర్, పోయిన వారం వెండర్‌తో మూడుసార్లు మాట్లాడాం. టెస్టింగ్‌లో 1,200 సరుకులకు జీఎస్టీ రేటు తప్పుగా పడుతోందని తేలింది. గురువారానికల్లా సరిచేస్తామంటున్నారు. కొన్నిచోట్ల ప్రింటర్లు మొరాయించాయి, ఇప్పుడు బాగానే ఉన్నాయి. ట్రైనింగ్ 22 స్టోర్లలో అయింది. ఒక ట్రైనర్ సెలవులో ఉండటంతో కాస్త నెమ్మదించింది, మిగతా 38 స్టోర్లకు జూన్ 27 దాకా పట్టొచ్చు. పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు 15తో అయిపోతుంది. నెల పొడిగిస్తే 1.8 లక్షలట, 10 లోగా చెప్పమన్నారు. మొత్తమ్మీద పనులు బాగానే సాగుతున్నాయి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, చివరి వాక్యం తప్ప. ముందుగా ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అది తేదీని గానీ డబ్బును గానీ ముప్పును గానీ మారుస్తోందా అని చూడాలి. ప్రింటర్ల సంగతి తీరిపోయింది, దాన్ని తీసేయవచ్చు. మూడు సమావేశాలు, ట్రైనర్ సెలవు కూడా అధికారి చేయవలసిన పనిని మార్చవు. మిగిలిన వాటిని పక్కపక్కన పెడితే నివేదికలో ఎక్కడా రాయని విషయం బయటపడుతుంది: జూన్ 16 ఉదయం 38 స్టోర్లలో పాత సాఫ్ట్‌వేర్ పనిచేయదు, కొత్తది వాడటం సిబ్బందికి రాదు. రాసినవారికి రెండు సంగతులూ తెలుసు. వాటిని కలిపి చూడటం మాత్రం చదివేవారికి వదిలేశారు. తిరగరాసిన సందేశం ఈ ముడితోనే మొదలవ్వాలి:

“సర్, పాత బిల్లింగ్ లైసెన్సును నెల పొడిగించడానికి 1.8 లక్షలకు మీ అనుమతి బుధవారం (జూన్ 10) లోగా కావాలి. 38 స్టోర్లలో ట్రైనింగ్ 15 నాటికి పూర్తికాదు; పొడిగించకపోతే 16 నుంచి అక్కడ బిల్లింగ్ ఆగిపోతుంది. సిద్ధమైన 22 స్టోర్లలో 15నే మొదలుపెట్టి, మిగతావి 29న మార్చాలని మా ప్రతిపాదన. 1,200 సరుకుల జీఎస్టీ రేట్లను గురువారానికి సరిచేస్తామని వెండర్ చెప్పారు. శుక్రవారం మేం పరీక్షిస్తాం. అప్పటికీ సరికాకపోతే 15న ఎక్కడా మొదలుపెట్టం. వివరాలు జతచేశాను.”

ఇక్కడ జీఎస్టీ వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి. తొందరలో కుదించేవారు దాన్ని “జీఎస్టీ సమస్య గురువారానికి పరిష్కారమవుతుంది” అని రాసేస్తారు. రెండు మూడు మాటలు తగ్గాయి కానీ, వెండర్ ఇచ్చిన మాట కాస్తా జరగబోయే వాస్తవంగా మారిపోయింది. కుదింపులో జరిగే అతి ప్రమాదకరమైన తప్పు ఇదే. అధికారి ఆ వాక్యాన్ని తన పైవారికి చెప్పేసరికి “అనుకుంటున్నారు”, “ఇంకా చూడలేదు” వంటి మాటల జాడే ఉండదు. అందుకే ఎవరు చెప్పారు, ఎవరు పరీక్షించారు, ఇంకా ఏం తేలాలి అన్న మాటలను చోటు లేదని తీసేయకూడదు. దీనికి రెండో వైపు “కాస్త ఆలస్యం”, “కొన్ని స్టోర్లు” వంటి మెత్తని మాటలుంటాయి. వాటి స్థానంలో 38, జూన్ 29 అని రాస్తే సందేశం పొడవు పెరగదు, విషయం దాగదు.

పంపేముందు మొదటి రెండు వాక్యాలను ప్రాజెక్టు తెలియని సహోద్యోగికి చూపించి, ఏం అడుగుతున్నారో చెప్పమనాలి. ఆయన “ట్రైనింగ్ ఆలస్యమవుతోంది” అని మాత్రమే చెబితే అభ్యర్థన ఇంకా కిందే ఉండిపోయిందన్నమాట. నిర్ణయమేదీ అవసరం లేని వారాల్లో “ఇది మీ సమాచారం కోసమే” అని మొదటే రాస్తే అధికారి వెతుక్కోనక్కర్లేదు.

తీసేసిన వివరాలు వృథా కావు. 1940 ఆగస్టు 9న బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన మంత్రివర్గానికి పంపిన సంక్షిప్తత గురించిన ఉత్తర్వులో, ముఖ్యాంశాలను చిన్న పేరాల్లో చెప్పి, క్లిష్టమైన విశ్లేషణలను, గణాంకాలను అనుబంధంలో పెట్టమన్నారు. అమెరికా సైన్యపు ఉత్తరప్రత్యుత్తరాల నిబంధన ఏఆర్ 25-50 కూడా ముఖ్యాంశాన్ని ముందే రాయమంటుంది. పై ఉదాహరణలో అనుబంధంగా వెళ్లవలసినవి స్టోర్లవారీ ట్రైనింగ్ తేదీలు, తప్పు రేట్లున్న సరుకుల జాబితా, లైసెన్సు పొడిగింపు కొటేషన్.