పెద్దవాగు లాంటి చోట ఒక పైల్‌కి కాంక్రీట్ ఎంత, కేజ్ స్టీల్ ఎంత?

ఇవాళ లెక్క ఒక్కటే, ఒక్క పైల్‌ది. కానీ మొదట్నుంచి చివరిదాకా చేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి.

మాది ఆసిఫాబాద్ వైపు. ఇక్కడ పెద్దవాగు సంగతి అందరికీ తెలుసు. ఎండాకాలం చూస్తే ఇసుక, వానాకాలం చూస్తే సముద్రం. కాగజ్‌నగర్ దగ్గర అందవెల్లి బ్రిడ్జి 2022లో వరదల తర్వాత కుంగింది, చివరికి కూలిపోయింది. అక్కడ అసలు కారణం ఏంటన్నది నేను చెప్పబోవట్లేదు. ఒక్క మాట మాత్రం చెప్తా: వరద వచ్చినప్పుడు నీళ్లే కాదు, పునాది చుట్టూ ఉన్న ఇసుక కూడా కొట్టుకుపోతుంది. అందుకే ఇలాంటి వాగుల్లో ఇసుక కిందికి దిగి గట్టి పొర మీద నిలబడేలా పైల్స్ వేస్తారు.

మన పైల్ వ్యాసం 1000 మిల్లీమీటర్లు, అంటే ఒక మీటర్. పొడవు 20 మీటర్లు. కానీ రిగ్ నిలబడే నేల నుంచి బోర్ 21 మీటర్లు వేస్తాం. ఎందుకంటే పైల్ తల, అంటే కట్ ఆఫ్ లెవెల్, నేలకి ఒక మీటర్ కింద ఉంది. కాంక్రీట్ మాత్రం నేల దాకా పోస్తాం. పైకి తేలి వచ్చిన ఆ చివరి మీటర్‌లో బురద, బెంటొనైట్ కలిసిపోయి ఉంటాయి. తర్వాత దాన్ని పగలగొట్టి తీసేసి పైల్ క్యాప్ కడతారు.

ముందు కాంక్రీట్. గుండ్రం వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. దాన్ని 21తో గుణిస్తే 16.5 క్యూబిక్ మీటర్లు. బిల్లులో లెక్కించే 20 మీటర్ల పైల్ మాత్రం 15.7. ఈ రెండు అంకెలూ కలిపేసుకోవద్దు: ఒకటి బిల్లుకి, ఒకటి ప్లాంట్‌కి ఇచ్చే ఆర్డర్‌కి. ఆర్డర్‌లో ఇంకో 5 నుంచి 10 శాతం కలపాలి. బోర్ గోడ ఎక్కడా గీత గీసినట్టు ఉండదు, ఇసుక దగ్గర కొంచెం ఊడి వెడల్పవుతుంది.

ఇప్పుడు కేజ్. నిలువు రాడ్లు 20 మిల్లీమీటర్లవి 16 అనుకుందాం. అడుగున 75 మిల్లీమీటర్ల కవర్ వదిలి, కట్ ఆఫ్ పైన క్యాప్‌లోకి పోవడానికి ఒక మీటర్ ఉంచితే ఒక్కో రాడ్ 20.93 మీటర్లు. రాడ్ మార్కెట్‌లో వచ్చేది 12 మీటర్లే కదా, అందుకే మధ్యలో ఒక ల్యాప్. వ్యాసానికి 50 రెట్లు అంటే ఒక మీటర్. మొత్తం 21.93. మీటర్ బరువుకి అందరూ వాడే సూత్రం d²/162. 20 మిల్లీమీటర్ల రాడ్‌కి 2.47 కిలోలు వస్తుంది. పదహారు రాడ్లకి కలిపి దాదాపు 866 కిలోలు.

అసలు తప్పులన్నీ జరిగేది స్పైరల్ దగ్గర. మనది 8 మిల్లీమీటర్ల రాడ్, 150 మిల్లీమీటర్లకి ఒక చుట్టు. చాలామంది ఏం చేస్తారంటే, పైల్ వ్యాసం మీటర్ కదా అని 3.14 మీటర్లు ఒక చుట్టుకి వేసేస్తారు. కేజ్ పైల్ అంత వెడల్పు ఉండదు! రెండు పక్కలా 75 కవర్ పోతే స్పైరల్ బయటి వ్యాసం 850. రాడ్ మధ్య గీత పట్టుకుంటే 842. చుట్టుకొలత 2.645 మీటర్లు.

ఇంకా ఒకటుంది. స్పైరల్ తిరుగుతూ తిరుగుతూ పైకి ఎక్కుతుంది కదా. ఒక పెన్సిల్‌కి దారం ఏటవాలుగా ఒక చుట్టు చుట్టి, కాగితం మీద విప్పి చూడండి. అడుగు 2.645, ఎత్తు 0.15, మన దారం వాలు గీత. అది ఒక లంబకోణ త్రిభుజం, అంతే.

```
L = n × √((πD)² + p²)
  = 133 × √(2.645² + 0.15²)
  = 133 × 2.65 ≈ 352 m
```

ఎక్కడం వల్ల పెరిగింది చుట్టుకి 4 మిల్లీమీటర్లే. అంటే ఈ లెక్కలో భయపడాల్సింది వర్గమూలం గురించి కాదు, వ్యాసం గురించి. 3.14 వేసినవాడికి 418 మీటర్లు వస్తాయి. 66 మీటర్లు, అంటే 26 కిలోలు ఎక్కువ. నలభై పైల్స్ బ్రిడ్జి అయితే టన్ను పైనే స్టీల్ కాగితం మీద మాత్రమే ఉంటుంది. ఒక సైట్‌లో బార్ బెండర్ మేస్త్రీ నా దగ్గరికొచ్చి "సార్, రాడ్ మిగిలింది, చుట్లు తక్కువ వేశామా?" అని కంగారుగా అడిగాడు. లెక్క తప్పు, పని కరెక్ట్. ఆ లెక్క రాసింది నేనే లెండి.

మన 352కి రెండు చివర్లా ఒకటిన్నర చొప్పున బల్లపరుపు చుట్లు కలిపితే 360. పన్నెండు మీటర్ల ముక్కలైతే ల్యాప్‌లకి ఇంకో 12 మీటర్లు. బరువు 147 కిలోలు. కేజ్ వంగకుండా లోపల ప్రతి మీటరున్నరకి 16 మిల్లీమీటర్ల గట్టి రింగు ఒకటి పెడతారు, అవి 15, బరువు 62 కిలోలు. అన్నీ కలిపితే 1075 కిలోలు. క్యూబిక్ మీటర్‌కి 68 కిలోలు పడింది.

ఇప్పుడు కాంక్రీట్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఆ లెక్క ఆర్డర్‌కే కాదు, భూమి లోపలికి చూసే కన్ను కూడా అదే. ట్రెమీ పైపుతో అడుగు నుంచి పోస్తాం. ఒక బండిలో 6 క్యూబిక్ మీటర్లు. గోడ నిటారుగా ఉంటే 6ని 0.785తో భాగించండి: కాంక్రీట్ 7.64 మీటర్లు లేవాలి. బండి ఖాళీ అయిన ప్రతిసారీ బరువు కట్టిన టేప్ దింపి లోతు రాసుకోవాలి.

మొదటి బండి తర్వాత టేప్ 21 నుంచి 13.8కి వచ్చిందనుకోండి. లేచింది 7.2. కొంచెం తక్కువ, అంటే బోర్ కొంచెం వెడల్పు, 6 శాతం ఎక్కువ తాగింది. ఇది మామూలే. రెండో బండి తర్వాత టేప్ 5.2 చూపించింది. లేచింది 8.6 మీటర్లు! చూసేవాళ్లకి సంబరం, కాంక్రీట్ మిగిలిందని. కానీ 8.6 మీటర్లు నిండాలంటే 6.75 క్యూబిక్ మీటర్లు కావాలి, మనం పోసింది 6. ఆ ముప్పావు క్యూబిక్ మీటర్ చోటులో ఏముంది? గోడ నుంచి జారిన ఇసుక.

అది ఎత్తంతా సమానంగా పరుచుకుంటే పైల్ 94 సెంటీమీటర్లు అవుతుంది, కవర్ మాత్రమే తగ్గుతుంది. కానీ ఇసుక ఒకేచోట జారుతుంది. మీటరున్నర ఎత్తులోనే జారి ఉంటే అక్కడ పైల్ వ్యాసం 60 సెంటీమీటర్లే మిగులుతుంది. మన నిలువు రాడ్లు నిలబడ్డది 81 సెంటీమీటర్ల వలయం మీద. అంటే అక్కడ రాడ్లన్నీ కాంక్రీట్ బయట, మట్టిలో ఉన్నట్టే.

అప్పుడు ముందు టేప్‌ని రెండు మూడు చోట్ల దింపి కొలత సరిగ్గా ఉందా చూడాలి. బండిలో నిజంగా ఆరే ఉన్నాయా అని చలాన్ చూడాలి. ట్రెమీ కొస కాంక్రీట్‌లో కనీసం రెండు మీటర్లు మునిగి ఉండేలా చూసుకుని, ఆపకుండా పైల్ పూర్తి చేయాలి. ఏ లోతులో తేడా వచ్చిందో రిజిస్టర్‌లో రాసి, డిజైన్ ఇంజినీర్‌కి ఆ రోజే చెప్పాలి. 14 రోజులు గడిచాక పైల్ తల శుభ్రం చేసి, చిన్న సుత్తితో కొట్టి శబ్ద తరంగం తిరిగొచ్చే తీరు చూసే పరీక్ష చేస్తారు. దానికి ఐఎస్ 14893 అని కోడ్ ఉంది. సన్నబడిన చోట తరంగం ముందే తిరిగొస్తుంది. రిజిస్టర్‌లో 5 నుంచి 14 మీటర్ల మధ్య తేడా అని రాసి ఉంటే, గ్రాఫ్ చదివేవాళ్లకి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. రాసి లేకపోతే అదొక వంకర గీత మాత్రమే.

వచ్చే ఎపిసోడ్‌లో అలాంటి గ్రాఫ్ ఒకటి తెచ్చి చదువుదాం.