ముందు కష్టం, తర్వాతే యాప్

2005 దీపావళికి బెంగళూరులో ఫణీంద్ర సామాకు ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరకలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం, చేతిలో డబ్బుంది, ట్రావెల్స్ ఆఫీసులన్నీ తిరిగే ఓపికా ఉంది. అయినా సీటు లేదన్నారు. ఎందుకు లేదో ఆరా తీయడం మొదలుపెట్టి, బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనుక్కుంది. తెలుగువాళ్ల స్టార్టప్‌ల ముచ్చట వస్తే ముందుగా తలుచుకునే కథల్లో ఇదొకటి.

ఈ కథను ఇప్పుడు ఇంకో పనికి వాడుకుందాం. ఇది 2006 అనుకోండి. వెబ్‌సైట్ ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటోంది. ఒక ఇన్వెస్టర్ మీకు కొద్ది నిమిషాలు ఇచ్చారు. వాళ్లు నిజంగా ఏం చెప్పారన్నది పక్కనపెట్టి, ఆ పిచ్‌లో మొదటి నిమిషాన్ని మనమే రాసి చూద్దాం.

చాలామంది ఇలా మొదలుపెడతారు: "మాది ఆన్‌లైన్ బస్ టికెటింగ్ ప్లాట్‌ఫామ్. ఇంట్లో కూర్చునే సీటు ఎంచుకోవచ్చు, కార్డుతో డబ్బు కట్టొచ్చు, రానుపోను రెండు టికెట్లూ ఒకేసారి తీసుకోవచ్చు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ వింటున్న పెద్దమనిషి కొన్నేళ్లుగా విమానంలోనో సొంత కారులోనో తిరుగుతున్నారు. ఆఖరిసారి రాత్రి బస్సు ఎప్పుడెక్కారో ఆయనకే గుర్తులేదు. సీటు ఎంచుకోవడం ఎందుకంత గొప్పో ఆయనకు తట్టదు. అందుకే మీ మాట పూర్తికాకముందే, "ట్రావెల్స్‌కి ఫోన్ చేస్తే టికెట్ ఇవ్వరా?" అని అడుగుతారు. అక్కడి నుంచి మీరు సంజాయిషీ చెప్పుకోవడంలో పడతారు. ఉన్న కాస్త సమయం దానికే పోతుంది.

సరే, కష్టంతోనే మొదలుపెడదామని దీపావళి కథ ఎత్తుకున్నారు. తిరిగిన ఆఫీసులు, ఖాళీ అయిపోయిన గది, ఫోన్లో అమ్మ గొంతు. విన్నాయన తలాడిస్తారు, బాగుందంటారు కూడా. కానీ లోపల ఇంకో లెక్క నడుస్తుంటుంది: దీపావళి ఏడాదికి ఒక్కసారి. సంక్రాంతి, దసరా కలిపినా ఏడాదిలో పట్టుమని పదిహేను రోజులు. పదిహేను రోజుల రద్దీ మీద కంపెనీ నిలబడుతుందా? కథ ఎంత బాగా చెబితే ఆ అనుమానం అంత బలపడుతుంది, ఎందుకంటే ఇది పండగ సమస్య అని మీరే ఆయన మనసులో ముద్ర వేశారు. సొంత అనుభవంతో పుట్టిన స్టార్టప్‌లన్నిటికీ ఈ గండం ఉంది. కష్టం కొట్టొచ్చినట్టు కనబడిన రోజు వేరు, అది నిత్యం నడిచే రోజులు వేరు. పిచ్‌కి కావలసింది రెండోది.

ఆ నిత్యం నడిచేదేమిటో చూడాలంటే అప్పటి ట్రావెల్స్ పద్ధతి తెలియాలి. బస్సు యజమాని సీట్లను నాలుగైదుచోట్ల ఏజెంట్లకు పంచేవాడు. అమీర్‌పేటలో ఒకరికి కొన్ని, లక్డీకాపూల్‌లో ఇంకొకరికి కొన్ని. మీరు ఏజెంట్ దగ్గరికెళితే, తన దగ్గరున్నవి అయిపోయాక ఆయన తనకు తెలిసిన ఒకరిద్దరు ఆపరేటర్లకు ఫోన్ చేసేవాడు. వాళ్లు లేదంటే, మీకూ "ఫుల్ సార్" అనేవాడు. అదే బస్సులో వేరే ఏజెంట్ చేతిలో రెండు సీట్లు అమ్ముడుపోకుండా ఉండొచ్చు. పక్క వీధి ట్రావెల్స్‌లో ఇంకో నాలుగుండొచ్చు. అది చూపించే ఒక్క పుస్తకం ఎవరి దగ్గరా లేదు. అంటే సీటు లేక కాదు, ఎక్కడుందో తెలియక మనిషి వెనక్కి తిరిగిపోతున్నాడు. ఇది పండగనాడే కాదు, మామూలు మంగళవారం రాత్రి కూడా జరుగుతుంది.

సమస్యను ఇంత లోతుకు తవ్వితే ఇంకో లాభముంది. ప్రయాణికుడి ఇబ్బంది వెనక బస్సు యజమాని నష్టం బయటపడుతుంది. నలభై సీట్ల బస్సులో రోజూ నాలుగు సీట్లు ఖాళీగా పోతున్నాయనుకోండి. టికెట్ 500 అయితే రోజుకు 2,000, నెలకు 60,000 రూపాయలు. డ్రైవరూ డీజిలూ టోలూ ఎలాగూ ఖర్చయ్యేవే, కాబట్టి ఆ సీట్లు నిండితే వచ్చేదంతా దాదాపు మిగులే. ఈ నాలుగు అన్నది నేను ఊహించి వేసిన అంకె. నిజమైన అంకె కావాలంటే రాత్రి తొమ్మిది దాటాక ట్రావెల్స్ ఆఫీసుల దగ్గర నిలబడి, కదలబోయే బస్సులు ఎక్కి ఖాళీలు లెక్కపెట్టుకోవాలి. వారం రోజులు ఒకే రూట్లో చూస్తే చాలు. మార్కెట్ రిపోర్టు నుంచి ఎత్తిరాసిన వేల కోట్ల అంకె కంటే, ఈ చేత్తో పెట్టిన లెక్కకే ఇన్వెస్టర్ ఎక్కువ విలువిస్తారు.

డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. బాధపడేది ప్రయాణికుడు, కమీషన్ ఇవ్వాల్సింది బస్సు యజమాని. రెడ్‌బస్ మిత్రులు మొదట తమ సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఆపరేటర్ల దగ్గరికే వెళ్లారు. వాళ్లకు ఆసక్తి కలగలేదు. ఆ తర్వాతే నేరుగా ప్రయాణికులకు టికెట్లు అమ్మే దారి పట్టారు. ఆపరేటర్‌కి సాఫ్ట్‌వేర్ లేకపోవడం ఒక బాధగా తోచలేదు, అమ్ముడుపోని సీటు మాత్రం బాధే. సమస్య స్లైడ్ మీద "ఆపరేటర్లకు ఆధునిక సాఫ్ట్‌వేర్ లేదు" అని రాస్తే అది సమస్య కాదు, తలకిందులుగా రాసిన మీ ప్రొడక్టు. "ఇప్పటివరకు ఇలాంటి యాప్ లేదు" అనే వాక్యం ఎక్కడ కనిపించినా ఇదే తప్పు జరిగిందని గుర్తుపట్టొచ్చు.

ఇవన్నీ పెట్టుకుని మొదటి నిమిషం రాస్తే ఇలా వస్తుంది:

"మేం బస్సు టికెట్లు ఆన్‌లైన్లో అమ్ముతాం. అమీర్‌పేటలో బెంగళూరు టికెట్ అడిగితే ఏజెంట్ ఇద్దరికి ఫోన్ చేసి ఫుల్ అంటాడు. అదే రాత్రి ఆ రూట్లో వెళ్లిన బస్సుల్లో మేం వారంపాటు ఖాళీ సీట్లు లెక్కపెట్టాం, సగటున బస్సుకు నాలుగు. సీట్లు ఏజెంట్ల మధ్య ముక్కలుగా ఉన్నాయి, ఏ సీటు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ప్రయాణికుడు తిరిగిపోతున్నాడు, యజమాని ఒక్కో బస్సు మీద నెలకు 60,000 పోగొట్టుకుంటున్నాడు. మేం ఆ సీట్లన్నీ ఒకచోట చూపిస్తాం. సీటు అమ్ముడైతేనే యజమాని మాకు కమీషన్ ఇస్తాడు."

మొదటి వాక్యం చూశారుగా, అందులో ప్రొడక్టే ఉంది. సమస్యతో మొదలుపెట్టమంటే ప్రొడక్టును దాచిపెట్టి సస్పెన్స్ నడపమని కాదు. మీరేం చేస్తారో తెలియకుండా కష్టాలు వింటున్న మనిషి, మీ మాట మానేసి దాన్ని ఊహించే పనిలో పడతాడు. సెకోయా కేపిటల్ తన వెబ్‌సైట్లో పెట్టిన వరుసలోనూ ముందు కంపెనీ ఏం చేస్తుందో ఒక్క వాక్యం, ఆ వెంటనే సమస్య, తర్వాత పరిష్కారం. ఫీచర్లకు, స్క్రీన్‌షాట్లకు వంతు ఆ తర్వాతే.

2008 నాటి ఎయిర్‌బీఎన్‌బీ డెక్ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది, దాంట్లోనూ ఇదే వరుస. అప్పుడు దాని పేరు ఎయిర్‌బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్. ముఖచిత్రం మీద హోటల్‌కి బదులు స్థానికుల ఇంట్లో గది బుక్ చేసుకోవచ్చని ఒక్క లైను. రెండో స్లైడ్లో సమస్య, మూడు వాక్యాల్లో: ఆన్‌లైన్లో ప్రయాణాలు బుక్ చేసుకునేవాళ్లకు ధర ముఖ్యం, హోటల్లో దిగితే ఊరితో, అక్కడి సంస్కృతితో సంబంధం ఉండదు, స్థానికుల దగ్గర గది తీసుకోవడానికి గానీ, ఇవ్వడానికి గానీ సులువైన మార్గం లేదు. మూడో వాక్యం నేను పైన చెప్పిన తలకిందుల ప్రొడక్టే. రెండోది అందంగా ఉంది, కానీ దానికోసం ఎవరు డబ్బిస్తారో తెలియదు. బరువంతా మోసేది మొదటిదే, అది ధర గురించి కాబట్టి.

ఆ మొదటి వాక్యం వెనక ఒక తెలివి ఉంది. ఎయిర్‌బీఎన్‌బీ పుట్టిందే ఒక రద్దీ రోజున. 2007 అక్టోబర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డిజైనర్ల సదస్సుకు హోటళ్లు నిండిపోతే, బ్రయాన్ చెస్కీ, జో గెబియా తమ ఇంట్లో గాలిపరుపులు వేసి ముగ్గురు అతిథులకు చోటిచ్చారు. అది వాళ్ల దీపావళి. సమస్య స్లైడ్ మీద మాత్రం సదస్సు ఊసే లేదు. ఆ వెంటనే పరిష్కారం, దాని తర్వాతి స్లైడ్లో రుజువు: అపరిచితుల ఇళ్లలో దిగే కౌచ్‌సర్ఫింగ్‌కి 6,60,000 మంది సభ్యులున్నారని, క్రెయిగ్స్‌లిస్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ కలిపి ఒక్క వారంలో తాత్కాలిక బసల ప్రకటనలు 17,000 వచ్చాయని. సమస్య నిజమని ఇన్వెస్టర్‌ని నమ్మించే దారుల్లో ఇదే గట్టిదని నా అభిప్రాయం. జనం ఇప్పటికే ఏదో ఒక అడ్డదారిలో ఆ అవసరం తీర్చుకుంటున్నారంటే, అవసరం ఉన్నట్టే.

అయినా గ్యారంటీ ఏమీ లేదు. 2008 జూన్‌లో చెస్కీ బృందం 15 లక్షల డాలర్ల వాల్యుయేషన్‌తో లక్షన్నర డాలర్లు అడిగింది. పరిచయమైన ఏడుగురు ఇన్వెస్టర్లలో ఐదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ తిరస్కరణ ఉత్తరాలను చెస్కీ 2015లో బయటపెట్టారు. ఒకదాంట్లో మార్కెట్ చాలినంత పెద్దదిగా అనిపించలేదని ఉంది. పదిహేను రోజుల పండగ అనుమానం లాంటిదే అది.

కొన్నిచోట్ల ఈ పద్ధతి అక్కర్లేదు కూడా. క్యాన్సర్ మందు తయారుచేసేవాళ్లు క్యాన్సర్ ఎంత ప్రమాదమో చెబుతూ నిమిషం ఖర్చుపెడితే వినేవాళ్లకు విసుగొస్తుంది. సమస్య అందరికీ తెలిసినప్పుడు, ఇన్నాళ్లూ అది ఎందుకు తీరలేదన్నదే మొదటి మాట కావాలి. మెయిల్లో పంపే డెక్‌కి ఓపిక ఇంకా తక్కువ. 2015లో డాక్‌సెండ్ సంస్థ, హార్వర్డ్ ప్రొఫెసర్ టామ్ ఐసెన్‌మన్‌తో కలిసి 200 స్టార్టప్‌ల మీద చేసిన పరిశీలనలో, ఇన్వెస్టర్ ఒక డెక్ మీద గడిపింది సగటున 3 నిమిషాల 44 సెకన్లని తేలింది. అక్కడ సమస్యకు ఒక్క స్లైడే దక్కుతుంది.

ప్రారంభం పనిచేసిందో లేదో ఇన్వెస్టర్ వేసే మొదటి ప్రశ్న చెప్పేస్తుంది. "ఇంతకీ మీరేం చేస్తారు?" అంటే ముందు పెట్టాల్సిన ఒక్క వాక్యం మరిచారు, లేదా కష్టాన్ని సాగదీశారు. "నిజంగా అంత ఇబ్బందా?" అంటే కథ ఉంది, లెక్క లేదు. "మిగతా రోజుల్లో ఎలా?" అంటే దీపావళి దగ్గరే ఆగిపోయారు. "పెద్ద ట్రావెల్స్ వాళ్లే ఈ సైట్ పెట్టేస్తే మీ గతేంటి?" అన్నారా, సమస్యను ఒప్పేసుకుని పోటీ దగ్గరికి వచ్చేశారు. ఇక స్క్రీన్‌షాట్ తీయొచ్చు.