ఆ మాటకు రోజుకి ఇరవై నిమిషాలే!

ఆ రోజు తెల్లవారుజామున ఐదున్నరకే మా ఆవిడ నన్ను లేపింది. చేతిలో ప్రెగ్నెన్సీ కిట్. రెండు గీతలు! నాలుగేళ్ల కాపురంలో ఆ రెండో గీత కనిపించడం అదే మొదటిసారి. ఇద్దరం మంచం మీదే కూర్చుని ఏడ్చేశాం. నేనైతే ఆఫీసుకి సెలవు కూడా పెట్టేశా.

ఆ సంతోషం సరిగ్గా వారం రోజులే. రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది.

అసలేం జరిగిందో డాక్టర్ చెప్పాకే అర్థమైంది. మాకు మొదటిసారి ఐయూఐ చేసినప్పుడు, అండం విడుదల కావడానికి ముందు ఒక హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంట్లో వాడే కిట్ వెతికేది కూడా ఆ హార్మోన్‌నే. ఇంజెక్షన్ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టొచ్చు. రెండు వారాలు ఆగమన్నది అందుకే. మేం ఏడో రోజే చూసేశాం. దానికి తోడు ప్రొజెస్టిరాన్ మాత్రలు. వాటివల్ల వచ్చే నీరసం, కడుపుబ్బరం, రొమ్ముల్లో నొప్పి అచ్చం గర్భం లక్షణాల్లాగే ఉంటాయి. నమ్మకుండా ఎలా ఉంటాం చెప్పండి?

రిపోర్ట్ వచ్చిన సాయంత్రం నేను లాప్‌టాప్ తెరిచి, రాత్రి పదకొండు దాకా పని చేస్తూ కూర్చున్నా. తను గుమ్మంలో నిలబడి ఒకటే మాట అడిగింది: "నీకసలు బాధే లేదా?"

ఉంది. కానీ నేను కూడా ఏడిస్తే తను ఇంకా కుంగిపోతుందనుకున్నా. తర్వాత పది రోజులు మా మధ్య కూరలు, కరెంటు బిల్లు తప్ప వేరే మాటల్లేవు.

చివరికి ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్లాం. ఆవిడ ఇద్దరి మాటా విని, "మాట్లాడితే మీ ఆవిడ తేలికపడుతుంది, పనిలో పడితే మీరు తేలికపడతారు. మీ మౌనం ఆవిడకి నిర్లక్ష్యంలా, ఆవిడ మాటలు మీకు ఫిర్యాదుల్లా అనిపిస్తున్నాయి. అంతే తేడా" అన్నారు. ఒక పద్ధతి కూడా చెప్పారు. పిల్లల విషయం రోజుకి ఇరవై నిమిషాలే మాట్లాడుకోవాలి. చెరో పది నిమిషాలు. ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు వినాలి, సలహాలివ్వకూడదు. టైం అయ్యాక ఆ టాపిక్ మర్నాటికే.

రెండో రోజే నేను తప్పాను. తను భయమేస్తోందని చెబుతుంటే, ఐవీఎఫ్ ఖర్చుల ఎక్సెల్ షీట్ తెరిచాను. తను మాట ఆపేసింది. సమస్య వినగానే ఫిక్స్ చేయాలనుకోవడం మా ఉద్యోగంలో అలవాటు కదా! ఆ మర్నాటి నుంచి ఫోన్‌లో టైమర్ పెట్టి, దాన్ని పక్కగదిలో వదిలేసి వస్తున్నా.

ఐదో రోజు తను అసలు సంగతి చెప్పింది: "చెల్లి సీమంతానికి వెళ్లాలని లేదు. వెళ్లకపోతే కుళ్లు అంటారు." వెళ్లాం. కానీ ముందే అత్తయ్యతో మాట్లాడుకుని, భోజనాలవగానే వచ్చేశాం. అలాగే "విశేషం ఏమైనా ఉందా?" అని ప్రతి ఆదివారం అడిగే అమ్మకి నేనే చెప్పా: "అమ్మా, ఉంటే ముందు నీకే చెప్తాం. ఇకనుంచి తనని అడగొద్దు, నన్నడుగు." ఎవరి వైపు వాళ్లకి వాళ్లే చెప్పుకోవాలన్నది మా రూల్.

నా పది నిమిషాల్లో నేనూ ఒకటి ఒప్పుకున్నా. యాప్‌లో "ఈ రోజే" అని అలర్ట్ రాగానే నాకు డెడ్‌లైన్‌లా అనిపించేది. రెండుసార్లు నా వల్ల కాలేదు కూడా. సిగ్గుతో చెప్పలేదు. తనేమో తనంటే ఇష్టం పోయిందనుకుందట! డాక్టర్‌ని అడిగితే, శుక్రకణాలు ఒంట్లో ఐదు రోజుల దాకా బతకగలవు, రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు, రోజు లెక్కపెట్టక్కర్లేదు అన్నారు. ఐయూఐ నెలల్లో టైం ఆసుపత్రివాళ్లే చెప్తారు. మిగతా నెలల్లో అలర్ట్‌లు తీసేశాం.

ఇరవై నిమిషాలతో అన్నీ తీరవు. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావొచ్చు. ఇక బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ టెలి మానస్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన నెల రెండో ఐయూఐ కూడా ఫలించలేదు. ఈసారి ఇంట్లో కిట్ కొనలేదు. రిపోర్ట్ పీడీఎఫ్‌ని ఎవరి ఆఫీసులో వాళ్లం చూడకుండా, సాయంత్రం ఇంటికొచ్చాకే ఇద్దరం కలిసి తెరిచాం. ఆ రాత్రి టైమర్ పెట్టకముందే నాకు ఏడుపొచ్చింది. తను ఏమీ అనలేదు, పక్కన కూర్చుంది. మూడోది కూడా అయ్యాక, ఫలితం ఏదైనా, మూడు నెలలు ఆగుదామని ముందే అనుకున్నాం.

విశేషం ఇంకా ఏమీ లేదు. రాత్రి తొమ్మిదింటికి మాత్రం ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం.