బీకాం చదివితే ఏసీసీఏలో ఎన్ని పేపర్లు తప్పుతాయి?

హైదరాబాద్, విజయవాడ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఏసీసీఏ పేరు ఇప్పుడు సీఏ పక్కనే కనిపిస్తోంది. లండన్ కేంద్రంగా 1904లో మొదలైన ఈ అకౌంటింగ్ సంస్థ ఇచ్చే అర్హతకు పదమూడు పేపర్లు పాసవ్వాలి. డిగ్రీ చదివినవాళ్లకు వీటిలో కొన్ని మినహాయిస్తారని అందరికీ తెలుసు. అయితే 'బీకామేగా, నాలుగు పేపర్లు పోతాయిలే' అనుకుని ఫీజు కట్టాక, చేతికి వచ్చే జాబితా చూసి కంగుతినేవాళ్లు చాలామందే ఉన్నారు. మినహాయింపు దేన్నిబట్టి వస్తుంది, దేనివల్ల ఆగిపోతుంది, వచ్చినదాన్ని వాడుకోవాలా వద్దా అన్నవి రిజిస్ట్రేషన్‌కు ముందే తెలుసుకుంటే మంచిది.

పదమూడు పేపర్లూ మూడు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో మూడు: బిజినెస్ అండ్ టెక్నాలజీ, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్. రెండో మెట్టులో ఆరు: కార్పొరేట్ అండ్ బిజినెస్ లా, పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్, ట్యాక్సేషన్, ఫైనాన్షియల్ రిపోర్టింగ్, ఆడిట్ అండ్ అష్యూరెన్స్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్. చివరి మెట్టు స్ట్రాటజిక్ ప్రొఫెషనల్‌లో నాలుగు. మినహాయింపులన్నీ మొదటి రెండు మెట్లలోనే, అంటే ఎవరికైనా తొమ్మిదికి మించవు. భారత్‌లో సీఏ పూర్తి చేసినవాళ్లకు ఆ తొమ్మిదీ రావచ్చు. చివరి నాలుగు మాత్రం ఎంత చదివినవాళ్లయినా రాసి తీరాలి.

మన దగ్గర సీఏలో ఉన్న పద్ధతితో దీన్ని కలిపేయకూడదు. 55 శాతం మార్కులతో బీకాం పాసైనవాళ్లు సీఏ ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్‌లో చేరతారు. అక్కడ చూసేది డిగ్రీ, శాతం. డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారన్నదాన్నిబట్టి ఇంటర్ పేపర్లేవీ తీసేయరు. ఏసీసీఏ లెక్క వేరు. మీ డిగ్రీలో ఏముంది, అది తమ సిలబస్‌లోని ఏ పేపర్‌కు సరిపోతుంది అని పేపర్ వారీగా చూస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్ అమ్మాయి ఒకరు కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఆరు సెమిస్టర్లలో ఫైనాన్షియల్ అకౌంటింగ్, అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, బిజినెస్ లా, ఇన్‌కమ్ ట్యాక్స్ చదివింది. మామూలు భారతీయ బీకాంకు సాధారణంగా వచ్చేవి నాలుగు: మొదటి మెట్టులోని మూడు పేపర్లు, రెండో మెట్టులోని లా పేపర్. ఆమెకూ ఇంచుమించు ఇంతే వస్తుందనుకోవచ్చు.

ఇక్కడే ఆమెకొక సందేహం వస్తుంది. 'కార్పొరేట్ అకౌంటింగ్ రెండు సెమిస్టర్లు చదివాను కదా, ఫైనాన్షియల్ రిపోర్టింగ్ ఎందుకు తీసేయరు?' అని. పేర్లు దగ్గరగానే ఉన్నా లోపలి సరుకు వేరు. బీకాంలో కంపెనీ ఖాతాలు మన కంపెనీల చట్టం చెప్పే నమూనాలో సాగుతాయి. ఏసీసీఏ పేపర్ నడిచేది ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాల మీద. ట్యాక్స్ పేపర్‌లోనూ ఇదే చిక్కు. మన విద్యార్థులు చాలామంది రాసేది బ్రిటన్ పన్నుల చట్టం ఆధారంగా ఉన్న పేపర్. ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తొంభై మార్కులు వచ్చినా ఆ చట్టం తెలిసినట్టు కాదు. సబ్జెక్టు పేరు, అందులో వచ్చిన మార్కులు చాలవు. సిలబస్ ఎంతవరకు కలుస్తుంది, ఏ స్థాయిలో కలుస్తుంది అన్నది చూస్తారు.

కొన్ని కాలేజీలు ఏసీసీఏ సిలబస్‌ను కలుపుకుని బీకాం కోర్సులు నడుపుతున్నాయి. వాటికి ఏసీసీఏ గుర్తింపు ఉంటే నాలుగు కాదు, తొమ్మిది దాకా రావచ్చు. అయితే ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ఫలానా కోర్సుకు, ఫలానా ఏళ్లలో చదివిన బ్యాచ్‌లకు మాత్రమే ఉంటుంది. పక్క సెక్షన్‌లో మామూలు బీకాం చదివినవాళ్లకు అది వర్తించదు. అడ్మిషన్ వేళ చెప్పిన మాటను నమ్ముకోకుండా, మీ కోర్సు పేరు, మీరు పూర్తి చేసిన సంవత్సరం రెండూ కలిపి సరిచూసుకోవాలి.

దీనికి ఏసీసీఏ వెబ్‌సైట్‌లో ఎగ్జెంప్షన్ కాల్క్యులేటర్ ఉంది. దేశం, అర్హత రకం, సంస్థ, కోర్సు ఎంచుకుంటే మీకు రాగల పేపర్లు చూపిస్తుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఇందులో జారిపోయే చోటు ఒకటుంది. అటానమస్ కాలేజీలో చదివితే మెమో కాలేజీ ఇస్తుంది, పట్టా యూనివర్సిటీ ఇస్తుంది. రెండు పేర్లూ జాబితాలో ఉంటే, ఏది ఎంచుకున్నారన్నదాన్నిబట్టి ఫలితం మారవచ్చు. రెండూ వేసి చూడండి. కాల్క్యులేటర్ చూపించేది అంచనా మాత్రమే. మీ కాగితాలు పరిశీలించాకే సంస్థ తుది నిర్ణయం చెబుతుంది.

ఆ కాగితాల సంగతే అసలు పని. ప్రధానంగా కావలసినవి మూడు: గుర్తింపు పత్రం, పాస్‌పోర్టు సైజు ఫొటో, చదువు రుజువు. మొదటి రెండింటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. మూడో దాంట్లోనే దరఖాస్తులు ఆగిపోతుంటాయి. చదువు రుజువంటే రెండు రకాల కాగితాలు. ఒకటి డిగ్రీ పూర్తయిందని చెప్పేది, రెండోది ఏ సబ్జెక్టులు పాసయ్యారో చెప్పేది. మన వరంగల్ అమ్మాయి దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో ఉన్నాయి. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, ఇంకా చేతికి రాలేదు. ఒక్క ప్రొవిజనల్ పెడితే ఏ సబ్జెక్టులు చదివిందో తెలియదు. ఒక్క మెమో పెడితే డిగ్రీ ప్రదానం అయిందో లేదో తెలియదు. రెండూ కలిపి పెట్టాలి. ఓడీ ఉన్నవాళ్లు ప్రొవిజనల్ బదులు దాన్నే పెట్టడం మేలు.

కన్సాలిడేటెడ్ మెమో రాకపోతే ఆరు సెమిస్టర్ల మెమోలూ వరుసగా స్కాన్ చేయాలి. సప్లిమెంటరీలో పాసైన పేపర్ ఉంటే, అది పాసైన మెమో కూడా చేర్చాలి. లేకపోతే చూసేవాళ్లకు ఆ సబ్జెక్టు ఫెయిలయినట్టే కనిపిస్తుంది. కొన్ని మెమోల్లో సబ్జెక్టు పేరు బదులు కోడ్ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు కోడ్ వివరం ఉన్న వెనుక పేజీని కూడా స్కాన్ చేయాలి, లేదా పరీక్షల విభాగంలో దరఖాస్తు పెట్టి సబ్జెక్టుల పేర్లతో ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోవాలి. కాల్క్యులేటర్ జాబితాలో మీ కోర్సే లేకపోతే ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు సిలబస్ ప్రతి కూడా దగ్గర ఉంచుకోండి. అలాంటి డిగ్రీలను విడిగా పరిశీలిస్తారు కనుక అక్కరకొస్తుంది. ఇంగ్లిష్‌లో లేని సర్టిఫికెట్‌కు అధికారిక అనువాదం జతచేయాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. డిగ్రీ మెమోలో అదే పొడి అక్షరంగా మారుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలోకి వెళ్లి చివర్న కూర్చుంటుంది. పెళ్లయ్యాక కొందరికి ఆధార్‌లో పేరు మళ్లీ మారుతుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి పేర్లు. కాగితాలు చూసే బ్రిటన్ ఉద్యోగికి మాత్రం ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు. రిజిస్ట్రేషన్ ఫారంలో గుర్తింపు పత్రంలో ఉన్నట్టే పేరు రాయండి. మెమోలో పేరు కుదించి ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే అఫిడవిట్ నోటరీతో చేయించి సిద్ధంగా ఉంచుకోండి. పెళ్లితో పేరు మారినవాళ్లు వివాహ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు తొందరపడకూడదు. డిగ్రీ మినహాయింపు పూర్తయిన డిగ్రీకే వస్తుంది. ఐదు సెమిస్టర్ల మెమోలు చూపించి నాలుగు పేపర్లు తీసేయమంటే కుదరదు. చదువు సాగుతుండగానే రిజిస్టరవచ్చు, డిగ్రీ చేతికొచ్చాక ఆ కాగితాలు ఖాతాలో అప్‌లోడ్ చేసి మినహాయింపు కోరవచ్చు. ఈలోగా ఆ పేపర్లు రాసి పాసైతే ఇక మినహాయింపు అవసరమే ఉండదు.

మినహాయింపు ఉచితంగా రాదు. ప్రతి పేపర్‌కూ పౌండ్లలో ఫీజు ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో మొదటి మెట్టు పేపర్‌కు 80 పౌండ్ల పైచిలుకు, రెండో మెట్టు పేపర్‌కు వంద పౌండ్ల పైచిలుకు పడుతోంది. 85, 115 చొప్పున లెక్కేస్తే వరంగల్ అమ్మాయి నాలుగు పేపర్లకు 370 పౌండ్లు. పౌండు 110 రూపాయలనుకుంటే 40 వేల పైమాట. రిజిస్ట్రేషన్ ఫీజు, ఏటా కట్టే చందా వీటికి అదనం. పరీక్ష రాసినా ఫీజు తప్పదు కాబట్టి మినహాయింపుతో ప్రధానంగా మిగిలేది డబ్బు కాదు, సమయం.

అందుకే వచ్చిన ప్రతి మినహాయింపూ తీసుకోవాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. వద్దనుకున్న పేపర్‌ను పరీక్షగానే రాయవచ్చు. లా, బిజినెస్ పేపర్ల మినహాయింపు తీసుకున్నా ముందు దారిలో పెద్ద ఇబ్బంది ఉండదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ సంగతి వేరు. దాని మీదే రెండో మెట్టులో ఫైనాన్షియల్ రిపోర్టింగ్, దాని మీద చివరి మెట్టులో స్ట్రాటజిక్ బిజినెస్ రిపోర్టింగ్ నిలబడతాయి. మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కూడా అలాగే పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్‌కు పునాది. డిగ్రీ పూర్తయి నాలుగైదేళ్లయి, జర్నల్ ఎంట్రీ రాయడానికి చెయ్యి తడబడుతుంటే ఫైనాన్షియల్ అకౌంటింగ్ రాసెయ్యడమే మంచిది. మినహాయింపు తీసుకున్నా, ఆ సిలబస్ పుస్తకం ఒకసారి చదవకుండా ముందుకు పోవద్దు. పాస్ మార్కు యాభై శాతమే అయినా, పునాది లేనివాళ్లు పై మెట్టులో అదే పేపర్ మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తుంది. ప్రతిసారీ ఫీజు కట్టాల్సిందే.

ఇంకొక్క మాట. 2027 నుంచి తమ పరీక్షల కూర్పు మారుస్తున్నట్టు ఏసీసీఏ ప్రకటించింది. కాబట్టి పాత బ్యాచ్ అన్నకో అక్కకో వచ్చిన మినహాయింపుల జాబితా మీకు సరిపోతుందనుకోవద్దు. ఫీజు కట్టే ముందు కాల్క్యులేటర్‌లో ఆ రోజుకు ఏం చూపిస్తోందో చూసి, ఆ పేజీని దాచుకోండి. మెమోలన్నీ ఒక్కచోట పెట్టి, వాటి మీదున్న పేరు గుర్తింపు పత్రంలో ఉన్న పేరుతో అక్షరం అక్షరం సరిపోతోందో లేదో చూసుకున్నాకే దరఖాస్తు పంపండి.