14 నిమిషాల రికార్డింగ్ ఏమైంది?

అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన సెక్రటరీ అంటించే కాగితాల్లో ఎక్కువ భాగం మెయింటెనెన్స్ బకాయిల గురించో, నీళ్ల ట్యాంకు కడిగే రోజు గురించో ఉంటాయి. అప్పుడప్పుడు వాటి పక్కన ఇలాంటిదీ ఒకటి కనిపిస్తుంది:

“సభ్యులకు మనవి. మన సీసీ కెమెరాల రికార్డర్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించాం. అందువల్ల ఈ నెల 14న ఉదయం 11:10 నుంచి 11:24 వరకు 16 కెమెరాల్లో దేనికీ రికార్డింగ్ లేదు. పాత రికార్డింగులు భద్రంగా ఉన్నాయి. ఇట్లు, సెక్రటరీ.”

చదివి ‘సరేలే’ అనుకునేవాళ్లు కొందరు. ఆ 14 నిమిషాల్లోనే ఏదో జరిగిందని అనుమానించేవాళ్లు కొందరు. అదే రోజు సెల్లార్‌లో ఎవరి స్కూటరైనా సొట్టపడిందంటే ఇక వాట్సాప్ గ్రూపు ఊరుకోదు. అయితే ఈ నోటీసులో మాట నిజమో కాదో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఏ నిమిషంలో ఏం జరిగిందో రికార్డర్ తనలోనే రాసి పెట్టుకుంటుంది. దాన్ని ఎలా చూడాలో తెలిస్తే చాలు.

కెమెరాలు చూస్తాయి, అంతే. చూసినదాన్ని దాచేది అసోసియేషన్ గదిలోనో వాచ్‌మన్ గదిలోనో ఉండే డీవీఆర్ లేదా ఎన్‌వీఆర్ అనే పెట్టె. నిజానికి అదొక చిన్న కంప్యూటర్. దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మొబైల్‌లో రికార్డింగ్ చూసుకోవడానికి ఈ పెట్టెను ఇంటర్నెట్‌కు కలుపుతాం కాబట్టి, ఫర్మ్‌వేర్‌లో లోపం ఉంటే బయటివాళ్లు కూడా లోపలికి రావచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి కెమెరాలు, రికార్డర్లలోకి పెద్దసంఖ్యలో దూరింది. కంపెనీలు పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. అలా చేజిక్కించుకున్న పరికరాలతో ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేశారు. లోపం బయటపడినప్పుడు కంపెనీ దాన్ని సరిచేసి కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తుంది. అది ఎక్కించుకోకపోతే తలుపు తెరిచి ఉంచినట్టే.

మరి రికార్డింగ్ ఎందుకు ఆగుతుంది? కొత్త ఫర్మ్‌వేర్ రాస్తున్నంతసేపూ పెట్టె వేరే పని చేయలేదు, రాశాక ఆగి మళ్లీ మొదలవుతుంది. టెక్నీషియన్ ముందుగా పెట్టె వెనకాల స్టిక్కర్ మీది మోడల్ నంబరు చూసి, దానికి సరిపోయే ఫైలును కంపెనీ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోవాలి. ఇప్పుడున్న సెట్టింగులను ఒక ఫైలుగా దాచి పెట్టుకోవాలి. ఆ తర్వాతే మెనూలో `Upgrade` నొక్కాలి. అంతా సవ్యంగా సాగితే పది, పదిహేను నిమిషాల పని. వేరే మోడల్ ఫైలు ఎక్కించినా, మధ్యలో కరెంటు పోయినా పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. అందుకే రికార్డర్‌కు యూపీఎస్ ఉండాలి. పని పగటిపూట, వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నప్పుడు పెట్టుకోవాలి.

పెట్టె మళ్లీ లేచాక రెండు చోట్ల పొరపాటు జరగడానికి వీలుంది. మొదటిది హార్డ్ డిస్క్. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి డిస్క్‌ను గుర్తుపట్టక, తెర మీద `Initialize` చేయమంటుంది. కంగారులో అది నొక్కితే పాత రికార్డింగులన్నీ పోతాయి. 14 నిమిషాల ఖాళీ కాస్తా మొత్తం ఖాళీ అవుతుంది. నొక్కకుండా ఆపి, పెట్టెను ఆఫ్ చేసి, డిస్క్ వైర్లు సరిగా ఉన్నాయో లేదో చూడటం మొదటి పని.

రెండోది గడియారం. ఈ పెట్టెల్లో చాలావాటికి ఫ్యాక్టరీ సెట్టింగ్ చైనా సమయం, అంటే `GMT+08:00`. మనది `GMT+05:30`. అప్‌డేట్‌తో సెట్టింగులు మొదటికి వస్తే పెట్టె రెండున్నర గంటలు ముందుకు జరిగిపోతుంది. ఉదయం 11:24కు మొదలైన రికార్డింగ్ మీద 13:54 అని పడుతుంది. అప్పుడు నిజంగా లేనిది 14 నిమిషాలే అయినా తెర మీద 2 గంటల 44 నిమిషాలు లేనట్టు కనిపిస్తుంది. కెమెరా ముందు ఫోన్ గడియారం పట్టుకుని నిలబడి, తెర మీది సమయంతో పోల్చి చూస్తే ఈ తప్పు నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు స్కూటర్ సంగతికి వద్దాం. 302 ఫ్లాట్ ఆయన ‘నా బండి ఆ ఖాళీలోనే పడిపోయింది’ అంటున్నారనుకుందాం. రికార్డింగ్ చూసేటప్పుడు తెర అడుగున కాలపు గీత కనిపిస్తుంది. రికార్డింగ్ ఉన్నచోట రంగు, లేనిచోట ఖాళీ. సెల్లార్ కెమెరాలో 11:10కి ముందు చివరి దృశ్యాన్నీ, 11:24 తర్వాత మొదటి దృశ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ బండి అదే చోట, అదే తీరులో, అద్దం అదే వంపులో ఉంటే ఖాళీలో అది పడిపోయే అవకాశం చాలా తక్కువ. ఇక మిగతా సమయం రికార్డింగ్ వెతకాలి. బండి జరిగి ఉంటే మాత్రం ఆ 14 నిమిషాల్లో గేటు దాటినవాళ్ల రిజిస్టరు, ఎదురు భవనం కెమెరా చూడాల్సి ఉంటుంది.

నోటీసు నిజమేనా అన్నదానికి జవాబు రికార్డర్ లాగ్‌లో ఉంటుంది. ఎప్పుడు ఎవరి లాగిన్‌తో అప్‌గ్రేడ్ జరిగింది, పెట్టె ఎప్పుడు మళ్లీ మొదలైంది అన్నవి వరసగా కనిపిస్తాయి. అప్‌గ్రేడ్ మాటే లేకుండా పెట్టె ఆగి మొదలైన గుర్తులే ఉంటే కరెంటు పోయి ఉండాలి, లేదా ఎవరో ప్లగ్ పీకి ఉండాలి. ఒక్క కెమెరాకే ఖాళీ ఉంటే అది అప్‌డేట్ వల్ల వచ్చింది కాదు, వైరో కెమెరానో చూడాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసేలా పెట్టిన చోట రోజంతా ఖాళీలు కనిపించడం మామూలే.

ఈ తనిఖీకి గడువుంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. 16 కెమెరాలకు కలిపి దాదాపు 346 జీబీ. 4 టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండిపోయి, పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటుంది. అందుకే ఖాళీకి ముందూ వెనకా అరగంట చొప్పున రికార్డింగ్‌నూ, లాగ్‌నూ ఆ రోజే పెన్‌డ్రైవ్‌లో దాచాలి. పోలీసు ఫిర్యాదు ఉన్న దృశ్యాలేవైనా ఉంటే అప్‌డేట్‌కు ముందే కాపీ తీయించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, వీడియో కాపీని కోర్టులో పెట్టాలంటే దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి కాపీ చేసిన ఫైలును తర్వాత కత్తిరించడం, మార్చడం పనికిరాదు.

సెక్రటరీలకు ఒక మాట. అప్‌డేట్ ఉందని ముందు చెప్పండి, కానీ ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు అన్నది పని అయ్యాకే బోర్డు మీద పెట్టండి. కెమెరాలు పనిచేయని వేళను ముందే ప్రకటించడం దొంగకు కబురు పంపడమే అవుతుంది. తర్వాతి నోటీసులో మొదలైన, ముగిసిన సమయాలు, పాత, కొత్త ఫర్మ్‌వేర్ నంబర్లు, ఏ ఏ కెమెరాలు ఆగాయి, ఎవరి సమక్షంలో జరిగింది రాయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చామో లేదో కూడా చెప్పండి. పాత పాస్‌వర్డే ఉంటే కొత్త ఫర్మ్‌వేర్ సగమే కాపాడుతుంది. ఫ్లాట్లవాళ్లకు అనుమానం వస్తే గ్రూపులో వాదించుకోవడం మాని, పదకొండు రోజులు దాటకముందే వెళ్లి లాగ్ చూపించమని అడగండి. అది అడిగే హక్కు ఆ పెట్టెకు డబ్బు కట్టిన ప్రతి సభ్యుడికీ ఉంది.