మళ్ళీ వచ్చినవారెందరు?

నూరు గొర్రెల మందలో ఒకటి తప్పిపోయి, అదే సాయంత్రం పక్క మందలోనిది ఒకటి వచ్చి కలిస్తే లెక్క నూరే వస్తుంది. మన ప్రత్యేక కూటముల నివేదికల్లో జరిగేది తరచుగా ఇదే. తలలు లెక్కపెడతాం గాని, ఎవరు మళ్ళీ వచ్చారో చూడం.

ఒక సంఘంలో నెలకొకటి చొప్పున నాలుగు కుటుంబ కూటములు జరిగాయనుకుందాం. హాజరు వరుసగా 60, 62, 58, 60. మొత్తం 240. సంఖ్య నిలకడగా ఉంది కాబట్టి అందరూ సంతోషిస్తారు. అయితే వచ్చినవారు ఆ అరవైమందేనా, ప్రతిసారీ కొత్తవారా అన్నది ఈ సంఖ్య చెప్పదు.

అందుకు ఒక నోటుపుస్తకం చాలు. వచ్చినవారి పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు ఒక వరుసలో రాసి, పక్కన నాలుగు గడులు గీసి, వచ్చిన కూటమికి టిక్కు పెట్టాలి. చివరికి పేర్లు లెక్కిస్తే 120 తేలాయనుకుందాం. వారిలో ఒక్కసారే వచ్చినవారు 60 మంది, రెండుసార్లు 24, మూడుసార్లు 12, నాలుగుసార్లూ వచ్చినవారు 24 మంది.

సగంమంది తిరిగి రాలేదని ఇక్కడే నిర్ణయించకూడదు. ఆ అరవైమందిలో 15 మంది మొదటిసారి వచ్చిందే నాలుగో కూటమికి. తిరిగి వచ్చే అవకాశమే వారికింకా రాలేదు. వారిని పక్కనబెడితే అవకాశమున్నవారు 105 మంది, తిరిగి వచ్చినవారు 60 మంది. అంటే నూటికి 57. రానివారు 45 మంది.

ఇప్పుడు ఆ 45 మంది మొదట ఏ కూటమికి వచ్చారో చూడాలి. రెండో కూటమికి కొత్తగా వచ్చిన 30 మందిలో 25 మంది మళ్ళీ కనబడలేదనుకోండి. ఆ రోజు బయటి ప్రసంగీకుడో, పాటల బృందమో వచ్చి ఉంటే, వారు ఆ ఒక్క కార్యక్రమం కోసమే వచ్చి ఉండవచ్చు. కారణం పుస్తకం చెప్పదు, ఎవరిని అడగాలో మాత్రం చూపిస్తుంది.

ఒక జాగ్రత్త అవసరం. ఒకే సహోదరి ఒకసారి మేరీ అని, మరోసారి మరియమ్మ అని రాయిస్తే ఇద్దరవుతారు, ఒక్కసారే వచ్చినవారి లెక్క ఊరకే పెరుగుతుంది. ఒకే నంబరు రెండు వరుసల్లో కనబడితే అడిగి సరిచూడాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉండవచ్చు గనుక అడగకుండా కొట్టివేయరాదు.

రాత్రి డ్యూటీవల్ల రానివారినీ, మనసు విరిగి రానివారినీ ఈ లెక్క వేరుచేయలేదు. ఆ తేడా తెలియాలంటే ఆ 45 మంది ఇళ్ళకు మనమే వెళ్ళాలి.