పండగ పోస్టులో నవ్వు ఎవరి మీద?

వినాయక చవితి నాడు చేతిలో అక్షింతలు పట్టుకుని మనం వినే కథలోనే ఒక నవ్వు ఉంది. కడుపు నిండా ఉండ్రాళ్లు తిని కైలాసానికి వచ్చిన గణపతి తల్లిదండ్రులకు సాష్టాంగపడబోతే బొజ్జ అడ్డమొచ్చింది. అది చూసి శివుడి తలమీదున్న చంద్రుడు పకపకా నవ్వాడు. పార్వతీదేవి శాపం ఆ నవ్వుకే. అదే పూజగదిలో, కథ ఎప్పుడైపోతుందా, ఉండ్రాళ్లు ఎప్పుడు చేతికొస్తాయా అని పిల్లలు పడే ఆత్రం చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. దానికి ఏ శాపమూ లేదు.

పండగ శుభాకాంక్షల పోస్టు తయారుచేసేవాళ్లు ఈ రెండు నవ్వులకూ ఉన్న తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇవాళ మిఠాయి కొట్టు నుంచి మొబైల్ షాపు దాకా అందరూ ఇలాంటి పోస్టులు పెడుతున్నారు. ఉట్టి శుభాకాంక్షలను ఎవరూ ఆగి చూడరు కాబట్టి నవ్వించాలనుకోవడం సహజం. చిక్కల్లా, తొందరలో చేతికి దొరికే జోకు ఎక్కువగా చంద్రుడి నవ్వే కావడం.

ఒక మిఠాయి కొట్టు సంగతే తీసుకుందాం. చవితికి లడ్డూల పోస్టు కావాలి. మొదట తట్టే ఊహ ఏమిటి? గణపతి బరువు తూచుకునే మిషన్ మీద నిలబడి, చేతిలో ఆ కొట్టు డబ్బా పట్టుకుని, ‘డైటింగ్ రేపట్నుంచి’ అంటుంటాడు. వేసినవాళ్లకి ఇందులో ద్వేషమేమీ లేదు, ముద్దుగానే ఉందనుకుంటారు. కానీ ఇందులో పొరపాట్లు రెండున్నాయి. నవ్వు దేవుడి శరీరం మీద పడింది. పైగా పూజలందుకునే మూర్తి కొట్టు సరుకు అమ్మిపెట్టే మనిషయ్యాడు. అదే బొమ్మను డబ్బా మీద కూడా అచ్చు వేస్తే మూడోది తోడవుతుంది: లడ్డూలు అయిపోయాక ఆ డబ్బా చెత్తబుట్టలోకే పోతుంది.

ఇప్పుడు దేవుణ్ని పీట మీదే ఉంచి, చూపు పీట ముందు కూర్చున్నవాళ్ల మీదకు తిప్పుదాం. తాతగారు కళ్లజోడు సవరించుకుంటూ కథ చదువుతున్నారు. పక్కన మనవడు పుస్తకంలో ఇంకా ఎన్ని పేజీలున్నాయో తొంగి చూస్తున్నాడు. కింద రెండు వాక్యాలు: ‘శమంతకమణి ఇంకా దొరకలేదు. ఉండ్రాళ్లు మాత్రం చల్లారిపోతున్నాయి.’ ఆ కింద చిన్న అక్షరాల్లో, ‘పూజ నిదానంగా చేసుకోండి. రాత్రి పది దాకా మా కొట్టు తెరిచే ఉంటుంది.’ ఆ కథ విన్న ప్రతి ఇంటికీ ఇది అర్థమవుతుంది. నవ్వు మన ఆత్రం మీదే పడింది, పూజ మర్యాద పూజకు ఉంది. కొట్టు పేరూ జనానికి గుర్తుంటుంది.

పత్రి కోసం ఊరంతా తిరిగి, తీరా తెచ్చిన ఇరవై ఒక్క ఆకుల్లో ఏది ఏదో తెలియక తికమకపడటం, చందా కుర్రాళ్లు మెట్లెక్కుతుంటే టీవీ కట్టేసి చప్పుడు చేయకుండా కూర్చోవడం, సంక్రాంతికి అల్లుడి విస్తట్లో నాలుగోసారి పడే అరిసెలు, ఇవన్నీ ఈ జాతివే. పండగ చుట్టూ మనుషులు పడే హైరానాలో హాస్యానికి కొదవ లేదు.

బొమ్మ విడిగా తిరుగుతుంది

పోస్టుకి రాసిన మాటలు దాని వెంటే ఉంటాయని నమ్మకూడదు. ఎవరో బొమ్మ ఒక్కదాన్నీ కత్తిరించి వాట్సాప్‌లో పంపుతారు. 2017లో దుర్గాపూజకు ముందు కోల్‌కతా పత్రికల్లో జావెద్ హబీబ్ సెలూన్ ప్రకటన ఒకటి వచ్చింది. దుర్గమ్మ తన పిల్లలతో కలిసి సెలూన్‌లో ముస్తాబవుతున్న బొమ్మ అది. అమ్మవారు ఆడపడుచులా పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తుందని బెంగాలీల భావన, కాబట్టి అక్కడ ఆ ఊహ మరీ కొత్తదేమీ కాదు. బొమ్మ కోల్‌కతా దాటి సోషల్ మీడియాలో పడ్డాక ఆ చనువు దాని వెంట రాలేదు. హైదరాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. సంస్థ క్షమాపణ చెప్పుకుంది.

అందుకే పోస్టు పెట్టేముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. రాతలన్నీ తీసేసి బొమ్మ ఒక్కటే ఆ పండగ నిష్ఠగా చేసుకునేవాళ్లకి చూపించండి. ‘బాగుందా?’ అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. ‘ఇందులో ఏం కనిపిస్తోంది?’ అని అడగండి. జవాబులో మొదట దేవుడు పడుతున్న అవస్థ వస్తే ఆ బొమ్మ పక్కన పెట్టేయాలి. మనుషుల తిప్పలు వస్తే నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

చట్టం అండ ఉంటే చాలదు

2013లో ఒక బిజినెస్ పత్రిక క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో ముఖచిత్రంగా వేసింది. చేతుల్లో శంఖచక్రాల బదులు అమ్మకపు సరుకులున్నాయి, వాటిలో ఒక బూటు కూడా ఉంది. దీని మీద మన అనంతపురంలో కేసు పడింది, వారంటు దాకా వెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుందనీ, తెలియకనో అజాగ్రత్తతోనో జరిగినదానికి కాదనీ చెప్పింది. అప్పటి శిక్షాస్మృతిలో అది 295ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 299. తీర్పు మంచిదే. కానీ అది రావడానికి ఏళ్లు పట్టింది. ఊళ్లో చిన్న దుకాణం నడిపేవాళ్లకి అంత ఓపికా, లాయర్ల ఖర్చులకు డబ్బూ ఎక్కడివి? పైగా కోర్టు తప్పులేదన్నంత మాత్రాన నొచ్చుకున్న ఖాతాదారు తిరిగి రారు.

మనది కాని పండగకు

తెలియనిచోట మరింత నెమ్మది కావాలి. మొహర్రంలో పదోరోజు సంతాప దినం. మన ఊళ్లలో పీర్ల పండుగ అని అందరూ కలిసి చేసుకున్నా, దాని వెనక కర్బలా దుఃఖం ఉంది. గుడ్ ఫ్రైడే క్రీస్తును శిలువ వేసిన రోజు. వీటికి ‘హ్యాపీ’ తగిలించడమే తప్పు, ఇక జోకుల మాట ఎందుకు? బోనాల్లో పూనకం వచ్చిన మనిషి, రంగం చెప్పే జోగిని కొందరికి వింతగా కనబడవచ్చు. బోనం ఎత్తుకున్న ఇంటికి అది అమ్మవారి రాక. నవ్వులాటకు అక్కడ చోటు లేదు.

అలాగని వేరే మతం పండగలో నవ్వే ఉండకూడదని కాదు. రంజాన్‌కి హైదరాబాద్‌లో ఒక హోటల్ ‘రోజా వాళ్లది, హలీమ్ లైనులో ముందు మనం’ అని రాసుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు. ఉపవాసం జోలికి వెళ్లకుండా, ఉపవాసం లేకుండానే గిన్నె పట్టుకుని నిలబడ్డ మన తిండిపోతుతనాన్ని అది ఆటపట్టిస్తోంది. అదే హోటల్ ఉపవాసమున్నవాళ్ల ఆకలి మీద జోకు వేస్తే కథ అడ్డం తిరుగుతుంది.

ఇంత చూసుకున్నా ఎప్పుడో ఒకసారి గురి తప్పుతుంది. నొచ్చుకున్నామని నలుగురు చెబితే వాదించకుండా పోస్టు తీసేయాలి. ఊరికే తీసేసి ఊరుకోకుండా అదే చోట ‘ఫలానా బొమ్మ పెట్టాం, అది తప్పు, తీసేశాం, క్షమించండి’ అని రాయాలి. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అనే మాట మాత్రం వద్దు. నొచ్చుకున్నామని వాళ్లు చెప్పాక కూడా అలా అంటే, వాళ్ల మాట మనం నమ్మడం లేదని చెప్పినట్టే అవుతుంది.